శుక్రవారం నూట పది నిమిషాలు

నల్లగొండలో ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు నడిపే ఆఫీసు ఒకటి ఉండేది. అందులో కంప్యూటర్ గదికి యాకూబే దిక్కు. పేరుకు కాంట్రాక్టు ఆపరేటరు. ఏడాదికోసారి మే పదో తారీకున గడువు తీరుతుంది, ఆ తర్వాత పైవాళ్లకు దయ కలిగితే మరో ఏడాది. నలభై దాటిన మనిషి, ఇంట్లో భార్య హలీమా, ముగ్గురు ఆడపిల్లలు. ఆ ఏడాది, అంటే తొంభై ఏడులో, అతనికి ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టే ఉండేది. నిద్ర చాలకపోవడం ఒక్కటే అయితే బాగుండేది. తొమ్మిది గంటలకు తాళం తీసేటప్పుడే, ఇంకా ఏ పనీ మొదలుపెట్టకముందే, పనంతా చేసి అలసిపోయినట్టుండేది.

ఆ గదిలో జరిగే పని చెప్పుకోవడానికి చిన్నదే. జిల్లాలోని బోరింగులు ఏవి ఎండాయి, ఏవి పోస్తున్నాయి అని మండలాల నుంచి వైర్‌లెస్ మీద కబురొస్తుంది. వైర్‌లెస్ చూసే కుర్రాడు ఏసోబు దాన్ని విని టైపు చేస్తాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు యాకూబ్ ఒక ప్రోగ్రాం నడుపుతాడు. అది ఆ రోజు దాకా వచ్చిన కబుర్లన్నీ మొదటి నుంచి చదివి, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులు పోవాలో పాత పట్టిక తీసేసి కొత్తది తయారుచేస్తుంది. దాన్ని వాళ్లు రిఫ్రెష్ అనేవాళ్లు. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు ఆ మాట అని వెళ్లాడు, వీళ్లకు అదే నిలిచిపోయింది. రిఫ్రెష్ అయ్యాక లిస్టు అచ్చు కొట్టి డ్రైవర్లకు ఇస్తారు. మూడున్నరకు ట్యాంకర్లు నీళ్లు నింపుకోవడానికి కదులుతాయి.

చిక్కంతా కరెంటుతో. ఎండాకాలం కోతలో సరిగ్గా మూడింటికి పోతుంది, అయిదుకు వస్తుంది. గదిలో ఉన్న బ్యాటరీ పది నిమిషాలు ఆగుతుంది, అదీ కంప్యూటరును పద్ధతిగా ఆపడానికే. అచ్చుకు ఇరవై నిమిషాలు కావాలి. కాబట్టి రెండు నలభైకల్లా రిఫ్రెష్ అయిపోవాలి. పన్నెండున్నర నుంచి రెండు నలభై దాకా, నూట ముప్పై నిమిషాలు. అంతే వాళ్లకున్న సందు. దాటిందా, సగం తయారైన పట్టిక చెత్తలో పడుతుంది, నిన్నటి పట్టికే మిగులుతుంది. డ్రైవర్ల చేతికి నిన్నటి లిస్టే పోతుంది. నిన్నటికీ నేటికీ మధ్య బోరింగు ఎండిన ఊరు ఆ లిస్టులో ఉండదు. ఉండకపోతే ఆ ఊరి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని, వాడొద్దని ఎర్ర రంగు పూసిన పాత బోరింగు దగ్గరికే పోతారు. పిల్లల పళ్లు పసుపుపచ్చగా మారిపోయేది, పెద్దల మోకాళ్లు వంగకుండా బిగుసుకుపోయేది ఆ నీళ్లతోనే. ముందటేడు ఒకసారి కరెంటు గంట ముందే పోయి ఇలాగే జరిగింది. రెండు రోజులు ఒక తండాకు ట్యాంకరు పోలేదు. ఆ సంగతి యాకూబ్ ఎవరితోనూ మాట్లాడడు, కానీ మరిచిపోలేదు.

అందుకే ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టారు. రిఫ్రెష్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎన్ని నిమిషాలు పట్టింది. రోజూ యాకూబే రాయాలి. వారానికోసారి అందులోంచి ఒక్క అంకె తీసి హైదరాబాదుకు పంపాలి. పని మెల్లగా నడుస్తోందా లేదా అని పైవాళ్లు వారం వారం చూసుకుంటారట. శనివారం కంప్యూటర్ గది తప్ప మిగతా ఆఫీసంతా సగం రోజే, పోస్టు డబ్బా పదకొండింటికే తీస్తారు. అందుకని వారం రిపోర్టులో శుక్రవారం అంకె వేయడం అలవాటైంది. ఎవరు పెట్టిన అలవాటంటే ఎవరికీ తెలియదు.

ఇక శుక్రవారం సంగతి. పన్నెండున్నరకు రిఫ్రెష్ మొదలుపెట్టి యాకూబ్ జుమ్మా నమాజుకు పోతాడు. దానికి అనుమతి ఉంది. ఆఫీసు అధికారి నిర్మలమ్మ మేడం తనే చెప్పింది, ఆమెకు ముందున్న ఇంజనీరూ చెప్పాడు. మసీదు దూరం. నమాజు ముగించుకుని, ఇద్దరు ముగ్గురితో సలాములయ్యి, సైకిలు తొక్కుకుంటూ వచ్చేసరికి రెండు ఇరవై. వచ్చేసరికి రిఫ్రెష్ అయిపోయి ఉంటుంది. ఎప్పుడు అయిందో తెలియదు, కంప్యూటరు చెప్పదు, అయిపోయిందనడానికి గుర్తుగా తెర మీద గీత ఒకటి మినుకుమంటూ ఉంటుంది, అంతే. ఏసోబు అప్పుడు వైర్‌లెస్ గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాడు. యాకూబ్ గోడ గడియారం చూసి రాసేవాడు. ముగిసింది రెండు ఇరవై. పట్టింది నూట పది నిమిషాలు.

జనవరిలో నూట పది. ఫిబ్రవరిలో నూట పది. మార్చిలో నూట పది. హైదరాబాదుకు వారం వారం పోయిన అంకె అదే. అంత నిలకడైన కంప్యూటరు రాష్ట్రంలో ఇంకెక్కడా లేదేమో. పైవాళ్లు సంతోషించే ఉంటారు, ఎందుకంటే ఏమీ అడగలేదు.

ఏప్రిల్ రెండో శుక్రవారం యాకూబ్ ఎప్పటిలాగే రెండు ఇరవైకి వచ్చాడు. తెర మీద గీత మినుకుమనడం లేదు. రిఫ్రెష్ ఇంకా నడుస్తోంది. డబ్బాలోపల డిస్కు గరగరమంటోంది. అతను చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాడు. రెండు ఇరవై రెండుకు ముగిసింది. ఏసోబు వచ్చి లిస్టు అచ్చుకు పెట్టాడు, గుర్వయ్య అనే డ్రైవరు కిటికీ లోంచి చేయి చాపి తన కాగితం తీసుకున్నాడు, ఏ ఇబ్బందీ రాలేదు. రెండు నిమిషాలదేముంది.

కానీ యాకూబ్ అలా వదిలేయలేదు. అతను రిజిస్టరు తీసి వెనక్కి తిరగేయడం మొదలుపెట్టాడు. శుక్రవారాలు వదిలేశాడు. మిగతా అయిదు రోజులు తను కుర్చీలో కూర్చుని, గీత మినుకుమన్న నిమిషానికి రాసినవి. జనవరి మొదటి వారం, ఎనభై రెండు, ఎనభై ఒకటి, ఎనభై ఏడు, ఎనభై రెండు, ఎనభై మూడు. ఆ ఎనభై ఏడు నాడు ఎవరో పెద్ద రిపోర్టు అచ్చు కొట్టించుకున్నారు, అందుకే అయిదు నిమిషాలు ఎక్కువ. మార్చి ఆఖరి వారం, నూట అయిదు, నూట ఆరు, నూట ఆరు. తన చేత్తో రాసిన అంకెలే. రోజుకొకటి చొప్పున రాసుకుంటూ పోయాడు, ఒక్కనాడూ వరసగా చదవలేదు. అలసటంటే అదే కాబోలు.

రిజిస్టరు ఇంటికి తీసుకుపోయాడు. పెద్దపిల్ల లెక్కల నోటులోంచి గళ్ల కాగితం ఒకటి అడిగి తీసుకుని, వారానికి ఒక చుక్క పెట్టాడు. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ ఉంటాయి కాబట్టి ఆ వారంలోని అయిదు అంకెలనూ పెద్దాచిన్నా వరసలో పేర్చి, నడిమిది తీసుకున్నాడు. మార్చి దాకా చుక్కలు వారానికి రెండేసి నిమిషాలు పైకి పోయాయి. ఏప్రిల్ నుంచి నాలుగేసి. ఏప్రిల్ ఒకటి నుంచి ఎండలు ముదిరాయని మండలాల వాళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కబురు చెబుతున్నారు. కబుర్లు రెండింతలైతే, వాటన్నిటినీ మొదటి నుంచి చదివే ప్రోగ్రాము కూడా రెండింతల వేగంగా బరువెక్కుతుంది. స్కేలు పెట్టి గీత పొడిగించాడు. నూట ముప్పై దగ్గర అడ్డగీత గీశాడు. రెండు గీతలూ కలిసిన చోట తారీకు చూస్తే మే పదమూడు, మంగళవారం.

హలీమా అన్నం పెట్టి పిలిచింది. అతను వినలేదు. ఏమైందని అడిగితే, నెల రోజుల్లో ఒక ఊరికి నీళ్లు పోవు, ఏ ఊరో తెలియదు అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక అతనికి లేదు. భార్య మీద విసుక్కున్నందుకు ఆ తర్వాత సిగ్గుపడ్డాడు కూడా.

శనివారం పొద్దున్నే ఏసోబుకు చూపించాడు. ఏసోబు పాతికేళ్లవాడు, మాట చురుకు, వేళ్లు ఇంకా చురుకు.

"గింతేనా అన్నా. పోయినేడు కబుర్లన్ని ఎవలకు కావాలె? లిస్టుకు రెండు నెలలయి ఉంటే సాలు. పాతయి తుడిచేద్దాం" అన్నాడు.

"తుడిచినా తక్కువ గాదురా. గది ఖాళీ అయితది గనీ గది పోదు. ప్రోగ్రాం మొదటి తలుపు కాడికెంచి అన్ని తలుపులు తీసి చూస్తది, లోపట మనిషి ఉన్నా లేకున్నా. కబుర్లు దాచే టేబుల్ ఇంకోటి కొత్తగ గట్టి, కావలసినయి దాంట్లకు మలిపి, పాతది పక్కకు పెట్టాలె. గప్పుడే తక్కువైతది."

"మరి చేద్దాం."

"మనం ముట్టరాదు. ప్రోగ్రాం హైదరాబాదోళ్లది. వాళ్ల కాయితం లేంది టేబుల్ మార్చినమంటే ఇద్దరం ఇంటికే."

ఆ రోజే యాకూబ్ ఇంకో పని చేశాడు. అది ప్రోగ్రాములోకి పోయే పని కాదు కాబట్టి ఎవరినీ అడగలేదు. రిఫ్రెష్‌ను నడపడానికి తను టైపు చేసి పెట్టుకున్న నాలుగు వరసల ముందొకటి, వెనకొకటి తారీకూ టైమూ అచ్చు వేసే ఆజ్ఞ పెట్టాడు. ఇక కంప్యూటరే రాసుకుంటుంది, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆఖరు. రెండు వరసలు. ఇది ముందటేడే పెట్టి ఉంటే ఈ కథే లేదు. పెట్టనందుకు అతను తనను తాను మనసులో చాలా తిట్టుకున్నాడు, ఆ తిట్లు ఇక్కడ రాసేవి కావు.

నిర్మలమ్మది మోత్కూరు. అసిస్టెంటు ఇంజనీరు, రిటైరుకు రెండేళ్లుంది. జిల్లా అంతా ఎండిపోతుంటే అందరి ఫోన్లూ ఆమెకే. ఎమ్మెల్యేల పీయేలు, సర్పంచులు, పత్రికలవాళ్లు. యాకూబ్ గళ్ల కాగితం ముందు పెడితే కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూసింది.

"వారానికి రెండు నిమిషాలే గదా యాకూబ్. గా లెక్కన జూన్ నడిమిదాంక ఆగుతది. అప్పటికి వానలొస్తయి, ట్యాంకర్లే ఉండయి."

"మార్చి దాంక రెండు మేడం. ఏప్రిల్ కెంచి నాలుగు. రెండు పూటల కబుర్లు తీసుకుంటున్నం గదా. మే పదమూడు దాటనియ్యది."

ఆమె ఏప్రిల్ చుక్కల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత ఫైలు తీసి హైదరాబాదుకు పోయిన వారం రిపోర్టుల నకళ్లు ఒక్కొక్కటే తిరగేసింది. నూట పది. నూట పది. నూట పది.

"మరి గివేంది? నీ చేతిరాతే గదా. జనవరిల నూట పది, ఇప్పుడు నూట పదే. నేను పర్మిషన్ అడుగుతే వాళ్లు గిదే జూపిస్తరు. మూన్నెల్ల సంది ఒక్క నిమిషం పెరగలే, ఎండాకాలం నడుమ టేబుల్ ఎందుకు ముట్టాలె అంటరు."

యాకూబ్ నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు, అనేంత తీరిక ఆమెకు లేదు.

"శుక్రారం నమాజుకు పోయొచ్చి, నేనొచ్చిన టైము రాసిన మేడం. అయిపోయిన టైము గాదు. నాకు ఎరుక లేకుండె."

ఫ్యాను తిరుగుతోంది. నిర్మలమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకుంది. కోపం రాలేదు. కోపం వస్తే యాకూబ్‌కు తేలికగా ఉండేది.

"మే పదికి నీ గడువు గదా" అంది.

"అవు మేడం."

"నేను జర వేరే తీరుగ రాస్త. గోడ గడియారం ఖరాబయింది, అందుకే అంకెలు తప్పు పడ్డయని. గడియారాన్ని ఎవలేమంటరు. నీ పేరే రాదు."

ఆ మాటకు యాకూబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచి మనిషి, మంచి మాటే అంది. అతను సరే అనడానికి నోరు తెరిచాడు కూడా. ముగ్గురు పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి, హలీమా మోకాలి మందులు అన్నీ ఆ సరేలో ఉన్నాయి. ఆలోచించి చెబుతానని బయటికి వచ్చాడు.

బక్రీదు వారం అది. బజారులో మేకల సంత, అరుపులు, మల్లప్ప అనే గొర్లకాపరి యాకూబ్‌ను ఆపి మంచి పొట్టేలు చూపించాడు. ఈ ఏడు లేదులే అని నవ్వి వచ్చేశాడు. ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాడు కానీ ఆలోచన ఆగలేదు. గడియారం చెడిపోయిందని రాస్తే ఏమవుతుంది? శుక్రవారాల అంకెలే కాదు, అదే గడియారం చూసి రాసిన మిగతా అయిదు రోజుల అంకెలూ చెడిపోతాయి. ఎనభై రెండు అబద్ధమవుతుంది, నూట ఆరు అబద్ధమవుతుంది. గీత మొత్తం కొట్టుకుపోతుంది. హైదరాబాదువాళ్లు తాపీగా ఉత్తరం రాస్తారు, కొత్త గడియారం కొనండి, మళ్లీ ఎనిమిది వారాలు రాసి పంపండి అని. ఎనిమిది వారాలు ఎక్కడున్నాయి? ఉన్నవి నాలుగు.

మిగతా అంకెలు నిజమని నిలబడాలంటే, ఈ ఒక్క రోజు అంకె ఎందుకు తప్పో సరిగ్గా చెప్పాలి. ఇంకో దారి లేదు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. దారి లేకపోవడం కూడా అతన్ని అలసిపోయేలా చేసింది.

నమాజుకు పోవడం తప్పని అతననుకోలేదు. అనుమతితో పోయాడు. వచ్చాక రాసిన రాత తప్పు. ఆ రెండూ వేరు అని తనకు తెలుసు. ఉత్తరం చదివేవాళ్లకు తెలుస్తుందా అన్నదే భయం.

మరునాడు తెల్లకాగితం మీద తనే రాశాడు. ఫలానా తారీకు నుంచి ఫలానా తారీకు దాకా పద్నాలుగు శుక్రవారాల్లో, రిఫ్రెష్ నడుస్తుండగా నేను అనుమతితో నమాజుకు వెళ్లి, తిరిగి వచ్చిన సమయాన్నే ముగిసిన సమయంగా రాశాను. ఆ పద్నాలుగు అంకెలు లెక్కలోకి తీసుకోరాదు. మిగిలిన రోజుల అంకెలు దగ్గరుండి రాసినవి, వాటితో గీసిన పటం జతచేశాను. ఈ లెక్కన మే పదమూడున సమయం చాలదు. కింద సంతకం పెట్టాడు. నిర్మలమ్మ చదివి, "గిట్లనే పంపమంటవా" అని ఒక్కసారి అడిగింది. పంపమన్నాడు. ఆమె తన సంతకం పెట్టి, పోస్టులో వేస్తే ఎన్నాళ్లవుతుందోనని హైదరాబాదు పోయే జీపులో మనిషి చేతికే ఇచ్చింది.

ఆ తర్వాత రెండు వారాలు ఏ జవాబూ రాలేదు. రిఫ్రెష్ మాత్రం గీత మీదే నడిచింది. నూట పదహారు. నూట ఇరవై. ఇప్పుడు శుక్రవారం అంకె కూడా కంప్యూటరే వేస్తోంది, అదీ మిగతా వాటి వరసలోనే ఉంది. ఒకరోజు నూట ఇరవై ఆరు వచ్చింది, ఏసోబు భయపడిపోయాడు. ఆ వేళ కలెక్టరాఫీసు కోసం వేరే రిపోర్టు నడిచిందిలే, ఒక్కరోజు చూసి బెదరొద్దు, వారమంతా చూడు అని యాకూబ్ సర్దిచెప్పాడు. చెప్పాడు కానీ ఆ వేళ అచ్చు పూర్తయ్యేదాకా తనే పక్కన నిలబడ్డాడు.

ఏప్రిల్ ముప్పైన ఉత్తరం వచ్చింది. రెండు పేరాలు. మొదటిది, పటం పరిశీలించాం, పాత సమాచారం టేపు మీదికి తీసి టేబుల్ మార్చుకోవచ్చు, వచ్చే ఆదివారమే చేయండి అని. రెండోది, విధుల సమయంలో కార్యాలయం విడిచి వెళ్లి తప్పుడు వివరాలు నమోదు చేసిన ఆపరేటరు కాంట్రాక్టు మే పది తర్వాత పొడిగించవద్దు అని. అనుమతితో అన్న మాట ఎక్కడో రాలిపోయింది.

నిర్మలమ్మ ఆ కాగితం అతని చేతికి ఇవ్వలేక బల్ల మీద పెట్టింది.

"ఫోన్ జేసిన యాకూబ్. రెండుసార్లు జేసిన. నేనే పంపిన నమాజుకని చెప్పిన. ఇనలే."

"టేబుల్‌కు పర్మిషన్ అయితే ఇచ్చిండ్రు గదా మేడం" అన్నాడు యాకూబ్.

ఆదివారం పొద్దున ఏడింటికే వచ్చి మొదలుపెట్టాడు. ఏసోబు ప్రార్థనకు పోకుండా వచ్చాడు, వద్దన్నా వినలేదు. ముందు అంతా టేపు మీదికి తీశారు. టేపు మళ్లీ చదివి సరిగ్గా ఉందని చూసుకున్నారు. తర్వాత మార్చి మొదటి నుంచి ఉన్న కబుర్లు మాత్రమే కొత్త టేబుల్‌లోకి మలిపారు. పాతదానిలో ఆ తారీకుల వరసలు ఎన్నో లెక్కపెట్టారు, కొత్తదానిలో ఎన్నో లెక్కపెట్టారు. రెండూ ఒకటే. పాతదానికి వేరే పేరు పెట్టి, కొత్తదానికి పాత పేరు పెట్టారు. ప్రోగ్రాముకు ఈ మార్పు తెలియనే తెలియదు, అదే పేరు పిలుస్తుంది, అదే పలుకుతుంది. రెండింటికి రిఫ్రెష్ నడిపారు. ఇరవై ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. శనివారంనాటి లిస్టు పక్కన పెట్టి ఊరూరు సరిచూశారు, ఒక్క తేడా రాలేదు.

ఏసోబు అతని భుజం మీద చేయి వేశాడు.

"ఇను" అన్నాడు యాకూబ్. "ఇప్పుడు ఇరవై ఎనిమిది. మళ్ల వారానికి నాలుగు పెరుగుతది. ఆర్నెల్లల్ల మళ్ల గీడికే వస్తది. నెలకోసారి పాతయి గిట్లనే పక్కకు మలపాలె. టైము కంప్యూటరే రాస్తది, నువ్వు వారానికోసారి వరసగ సదువు. ఒక్కటొక్కటి సదివితే ఏం దెల్వదు."

మే పదో తారీకు సాయంత్రం తాళంచెవి ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత అన్న అబ్దుల్ ఖాదర్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. దేవరకొండ రోడ్డు మీద అతనికి సైకిలు రిపేరు దుకాణం ఉంది. కంప్యూటరు మీద తిరిగిన వేళ్లతో ట్యూబులకు పంక్చర్లు వేస్తుంటే అన్న ఒక్క మాటా అనలేదు, అందుకు యాకూబ్ అతనికి మనసులో దండం పెట్టుకున్నాడు. హలీమా కూడా ఏమీ అనలేదు. గడియారం మీదికి నెట్టేసి ఉండొచ్చు కదా అని ఆమె అడిగి ఉంటే అతని దగ్గర జవాబు ఉంది. అడగలేదు కాబట్టి ఆ జవాబు లోపలే ఉండిపోయింది, అదే కష్టంగా ఉంది.

మంగళవారం, మే పదమూడు. ఆ తారీకు అతను ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి నుంచి పని మీద మనసు లేదు. పన్నెండున్నరకు ఒకసారి, రెండు నలభైకి ఒకసారి అన్న చేతి గడియారం అడిగి చూశాడు. మూడింటికి దుకాణంలో ఫ్యాను ఆగిపోయింది. రోడ్డు పొడుగునా రేడియోలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. యాకూబ్ చేతిలో ట్యూబు అలాగే పట్టుకుని నీళ్ల తొట్టి ముందు కూర్చున్నాడు.

నాలుగున్నరకు గుర్వయ్య ట్యాంకరు వచ్చి దుకాణం ముందు ఆగింది. నిండా నింపుకొచ్చాడు, మూత దగ్గర నీళ్లు తొణికి కిందికి కారుతున్నాయి. బీడీకి అగ్గిపెట్టె కోసం దిగాడు.

"యాకూబ్ సాబ్, గీడున్నవా. చూడు నా నసీబు." జేబులోంచి లిస్టు తీసి చూపించాడు. "ఇయ్యాల పొద్దుగాల ఒక తండల బోరింగు ఎండిందట. ఇయ్యాలటి లిస్టుల్నే ఎక్కిచ్చిండ్రు. ఇరవై మైళ్లు. నేను అన్నం తినేది ఎప్పుడు?"

యాకూబ్ కాగితం తీసుకున్నాడు. ఆ రోజు తారీకే ఉంది. ఆఖరి వరసలో తండా పేరు, రెండు ట్రిప్పులు. పేరు రెండుసార్లు చదివాడు. ఎప్పుడూ వినని ఊరు. కింద మూలన చిన్న అక్షరాల్లో రిఫ్రెష్ మొదలైనదీ ముగిసినదీ ఉన్నాయి, ముప్పై మూడు నిమిషాలు. ఏసోబు దాన్ని లిస్టు మీద కూడా వేయిస్తున్నాడన్నమాట.

"టైముకే వచ్చిందా?" అన్నాడు.

"ఎందుకు రాదు? రెండు గొట్టంగనే ఇచ్చిండ్రు. నువ్వున్నప్పుడు గూడ టైముకే వస్తుండె గదా." గుర్వయ్య బీడీ వెలిగించి పొగ వదిలాడు. "గా కంప్యూటర్ల మనిషికి పనేముంటది గనీ సాబ్. లిస్టు దానంతటదే వస్తది. అందుకే నిన్ను తీసేసిండ్రు గావచ్చు."

అబ్దుల్ ఖాదర్ తలెత్తి గుర్వయ్య వైపు కోపంగా చూశాడు. యాకూబ్ వద్దన్నట్టు చేయి ఊపాడు.

"అయుండొచ్చు" అన్నాడు. కాగితం మడిచి ఇచ్చాడు. "పో గుర్వయ్యా, జల్ది పో. వాళ్లు బిందెలు పెట్టుకోని చూస్తుంటరు."

ట్యాంకరు కదిలిపోయింది. రోడ్డు మీద పడ్డ నీళ్ల గీత ఆ ఎండకు అప్పటికే సగం ఆరిపోయింది. యాకూబ్ ట్యూబును మళ్లీ నీళ్లలో ముంచి, బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడడానికి వంగాడు. కళ్లు మసకబారి కనిపించలేదు. అన్న ఆ ట్యూబు తన చేతిలోకి తీసుకున్నాడు.